ఒక పెళ్లికి రెండు తేదీలు పోతున్నాయి: ఫంక్షన్ హాలు అద్దెను పూటల వారీగా ఎలా నిర్ణయించాలి?

నంద్యాలరోడ్డు_హాలు (కర్నూలు) · 2026 జనవరి 18

సభ్యులందరికీ నమస్కారం. కర్నూలులో నంద్యాల రోడ్డు వైపు మాకు ఒక ఫంక్షన్ హాలు ఉంది. పై అంతస్తులో ఆరు వందల కుర్చీలు పట్టే ఏసీ హాలు, కింద బంతికి రెండు వందల ఇరవై మంది కూర్చునే భోజనశాల, ఎనిమిది విడిది గదులు, వెనుక వంటశాల ఉన్నాయి. మొదటి నుండి నాన్నగారు ఒకే అద్దె పెట్టారు. సాయంత్రం 4 గంటల నుండి మరునాడు సాయంత్రం 4 గంటల వరకు 90,000 రూపాయలు తీసుకుంటాము. సాయంత్రం పూట ఒక్కటే కావాలంటే 35,000, పగటి పూట ఒక్కటే అయితే 30,000. బలమైన ముహూర్తమైనా, ఆషాఢమైనా ఇవే ధరలు.

ఇప్పుడు మూఢం కావడంతో హాలు ఖాళీగా ఉంది. తీరిక దొరికింది కదా అని నిరుటి డైరీ తీసి లెక్క వేశాను. మొత్తం 71 బుకింగులలో 39 పూర్తి రోజువి, 21 సాయంత్రానివి, 11 పగటివి. అద్దె రూపంలో 45,75,000 రూపాయలు వచ్చాయి. అయితే డైరీ వెనుక పేజీలలో మా సూపర్‌వైజరు రాసిపెట్టిన వివరాలు చూసిన తర్వాత నాకు మనసు కుదుటపడలేదు. తొమ్మిది తేదీలలో పూర్తి రోజుకు హాలు అడిగిన వారిని, ఆ రోజులో ఏదో ఒక పూట ముందే ఇచ్చేశామన్న కారణంతో మేము తిప్పి పంపాము. ఉదాహరణకు శ్రావణంలో ఒక శనివారం సాయంత్రాన్ని పుట్టినరోజు వేడుకకు నాలుగు నెలల ముందే 35,000కు ఇచ్చాము. తర్వాత ఆదివారం ఉదయం ముహూర్తం ఉన్న కుటుంబం వచ్చింది. వారికి శనివారం సాయంత్రం రిసెప్షన్ లేకుండా హాలు అక్కరలేదు. 90,000 రూపాయల పెళ్లి అలా వెళ్లిపోయింది.

పూటల లెక్కన ఇవ్వడమే తప్పని, ఇకపై మానేయాలని నాన్నగారు అంటున్నారు. ఆ తొమ్మిది తేదీలలో ఆరు సాయంత్రాలకు, మూడు పగటి వేళలకు కలిపి మాకు మూడు లక్షలు వచ్చిన మాట కూడా నిజమే. రోజు, పూట, కాలం, మేము ఇచ్చే సదుపాయాలు, ఈ నాలుగింటిని బట్టి అద్దె ఎలా నిర్ణయించాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

తుంగభద్ర_తీరం (కర్నూలు) · జనవరి 18

అన్నా, మా చెల్లెలి పెళ్లికి హాలు వెతుకుతున్నాము. మా పురోహితులు శుక్రవారం రాత్రి 2 గంటల 10 నిమిషాలకు ముహూర్తం పెట్టారు. ఫిబ్రవరి 20న మీ హాలు ఖాళీగా ఉందా? ఐదు వందల మంది వస్తారు. 90,000లో వంటపాత్రలు కూడా కలిసి ఉంటాయా?

గడియార_స్తంభం (అనంతపురం) · జనవరి 18

పైన సోదరులు విషయం గమనించినట్లు లేదు, ఇది బుకింగుల దారం కాదు. అసలు ప్రశ్నకు వస్తే, జవాబు చాలా సులభమని నా అభిప్రాయం. బెంగళూరులో హాళ్లన్నీ శని, ఆదివారాలకు ఒక ధర, మిగిలిన రోజులకు మరొక ధర పెడతాయి. మీరు కూడా వారాంతానికి ముప్పై శాతం పెంచి, సోమవారం నుండి గురువారం వరకు ఇరవై శాతం తగ్గించండి. ఖాళీ రోజులు వాటంతట అవే నిండుతాయి. మా బంధువుల హాలులో ఇదే పద్ధతి పెట్టారు, సాయంత్రం వేడుకలు బాగా పెరిగాయి.

కడప_మేనేజరు (కడప) · జనవరి 18

నేను పద్దెనిమిదేళ్లుగా ఇతరుల హాళ్లను చూసుకుంటున్నాను, సొంత హాలు లేదు. గడియార స్తంభం గారు చెప్పింది రిసెప్షన్లు, పుట్టినరోజులు, కంపెనీ సమావేశాల వరకు నిజమే, ఎందుకంటే ఆ వేడుకలు చేసేవారు తమకు తీరిక ఉన్న రోజు చూసుకుంటారు. పెళ్లివారు తమకు తీరిక ఉన్న రోజు చూసుకోరు, పురోహితుడు చెప్పిన రోజుకు తామే తీరిక చేసుకుంటారు. బుధవారం ముహూర్తమైతే ఆ బుధవారానికి పట్టణంలో హాలే దొరకదు, శూన్యమాసంలో ఆదివారమైనా పెళ్లికి ఎవరూ అడగరు. అందువల్ల పెళ్లిళ్ల మీద బతికే హాలు ధరల పట్టికను ముందుగా పంచాంగం పక్కన పెట్టుకుని రాయాలి, వారాన్ని ఆ తర్వాత చూసుకోవాలి.

ఇక కర్నూలు మిత్రుల తొమ్మిది తేదీల సంగతి. తొమ్మిది కుటుంబాలు తిరిగి వెళ్లాయి కాబట్టి 8,10,000 పోయిందని బాధపడకండి. హాలు చూసిపోయిన ముగ్గురిలో ఒకరు అడ్వాన్సు ఇస్తారని నా అనుభవం. ఆ లెక్కన మూడు పెళ్లిళ్లు, అంటే 2,70,000 వచ్చేవి. పూటల మీద మీకు వచ్చింది మూడు లక్షలు. అలా చూస్తే మీరు నష్టపోలేదు. అయితే ఈ లెక్కలో ఒక లోపం ఉంది. ఆ కుటుంబం కాకపోతే మరొక కుటుంబం అదే తేదీకి వచ్చి ఉండేదేమో కదా. కాబట్టి వచ్చినవారు నిలుస్తారా అన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఆ తేదీ ఖాళీగా ఉంచితే చివరికి పూర్తి రోజుకు పోయేదా అన్నది చూడాలి.

35,000ను 90,000తో భాగిస్తే దాదాపు 39 శాతం వస్తుంది. పూర్తి రోజు పెళ్లికి పనివాళ్ల కూలి, శుభ్రం చేసే ఖర్చు ఎక్కువ కాబట్టి ఖర్చులు తీసేసి చూస్తే ఇంకాస్త పెరుగుతుంది, నలభై అని గుర్తు పెట్టుకుంటే చాలు. ఒక తేదీ పూర్తి రోజుకు పోయే అవకాశం వందకు నలభై కంటే ఎక్కువ ఉన్నంత కాలం దానిని ముక్కలు చేయకూడదు. అంతకంటే తగ్గిన రోజున ఎవరు ఏ పూట అడిగినా ఇచ్చేయాలి. పూటలు అమ్మడం తప్పన్న నాన్నగారి మాటలో సగం నిజం ఉంది. మీరు వాటిని చాలా ముందుగా అమ్ముతున్నారు, తప్పు అక్కడ ఉంది.

ఆ అవకాశం ఎంతో మీ డైరీయే చెబుతుంది. బలమైన ముహూర్తాలను వేరు చేసి, ఒక్కొక్కదానికి అడ్వాన్సు ఏ తేదీన వచ్చిందో చూసి, పెళ్లికి అరవై రోజుల ముందు ఎన్ని ఖాళీగా ఉన్నాయో, ముప్పై రోజుల ముందు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఇక్కడ రాయండి.

పెళ్లికూతురి_తండ్రి (అనంతపురం) · జనవరి 19

మీరందరూ యజమానుల వైపు నుండే మాట్లాడుతున్నారు. నిరుడు వైశాఖంలో మా అమ్మాయి పెళ్లికి ఒక హాలు 75,000 అద్దె అని చెప్పింది. పెళ్లి అయిన మధ్యాహ్నం, బంధువులు ఇంకా తాంబూలాలు తీసుకుంటూ ఉండగానే, మా చేతిలో 1,18,000 బిల్లు పెట్టారు. కరెంటు 11,000, జనరేటరు 14,000, శుభ్రం చేసినందుకు 6,000, బయటి నుండి డెకరేషన్ వాళ్లను తెచ్చుకున్నందుకు 10,000, మిగిలిన 2,000 దేనికో ఈనాటికీ తెలియదు. జనరేటరు ఏడు గంటలు నడిచిందన్నారు. ఆ రోజు కరెంటు పోయింది రెండు సార్లు, రెండూ కలిపి మూడు గంటలకు మించవు. ఆడపిల్ల తండ్రి ఆ సమయంలో వాదించలేడని వారికి తెలుసు. దయచేసి చివరికి కట్టవలసిన మొత్తాన్ని ముందే ఒక్క అంకెలో చెప్పే పద్ధతి పెట్టండి.

గడియార_స్తంభం (అనంతపురం) · జనవరి 19

ఇదే నేను చెప్పబోతున్నాను. కరెంటు, జనరేటరు, క్లీనింగు అన్నీ అద్దెలో కలిపేసి 1,10,000 అని చెప్పేస్తే గొడవే ఉండదు.

కడప_మేనేజరు (కడప) · జనవరి 19

అలా కలిపి చూసినవాడినే నేను. ఒక ఏడాది కరెంటును అద్దెలో కలిపాము. మే నెలలో పెళ్లివారు మధ్యాహ్నం రెండు గంటలకు వచ్చి, తలుపులు బార్లా తెరిచి ఉంచి, మనుషులు లేని హాలులో సాయంత్రం దాకా ఏసీలు నడిపారు. తమ జేబు నుండి పోనిది కనుక ఎవరూ కట్టలేదు. అదే డిసెంబరులో వచ్చినవారు ఫ్యాన్లతో సరిపెట్టుకున్నారు, అయినా మే పెళ్లివారి కరెంటు భారం వారి అద్దెలో కలిసి ఉంది.

కర్నూలు మిత్రుల హాలు పరిమాణానికి అరవై టన్నుల ఏసీ ఉంటుందనుకుంటాను. నిండు హాలులో గంటకు యాభై, అరవై యూనిట్లు తాగుతుంది. సాయంత్రం ఆరు గంటలు నడిస్తే మూడు వందల పైచిలుకు యూనిట్లు. మన హాళ్లకు యూనిట్టు పన్నెండు రూపాయల పైనే పడుతుంది కాబట్టి ఒక్క రిసెప్షనుకే నాలుగు వేలు. జనరేటరు మీద అదే హాలును నడిపితే 125 కేవీఏ యంత్రం గంటకు ఇరవై లీటర్ల డీజిలు తాగుతుంది, అంటే గంటకు రెండు వేలకు దగ్గర. ఇవి ఒక పెళ్లికీ మరొక పెళ్లికీ నాలుగింతలు మారే ఖర్చులు. కుర్చీలు, బల్లలు, విడిది గదులు, నీళ్లు, వాచ్‌మన్, పెళ్లి ముగిశాక ఊడ్చి కడిగే పని ఏ పెళ్లికైనా దాదాపు ఒకటే. మారని ఖర్చును అద్దెలో కలపాలి, మారే ఖర్చును కొలిచి తీసుకోవాలి. ఊడ్చే పనికి వేరుగా ఆరు వేలు అడగడమంటే, చెప్పిన అద్దెను చాటుగా పెంచుకోవడమే.

అనంతపురం పెద్దాయన బాధ న్యాయమైనది. అయితే ఒక్క అంకె చెప్పకపోయినా ఆయనకు జరిగింది ఆపవచ్చు. తాళాలు ఇచ్చేటప్పుడు కరెంటు మీటరు అంకెను ఇద్దరూ చూసి రసీదు వెనుక రాసి సంతకాలు పెట్టుకోవాలి. జనరేటరు ప్యానెలు మీద అది ఎన్ని గంటలు నడిచిందో చూపే చిన్న మీటరు ఉంటుంది, చాలామంది దానిని గమనించరు. మొదటి అంకె, చివరి అంకె రాసుకుంటే ఏడు గంటలో మూడు గంటలో తేలిపోతుంది. ఆ మీటరు పనిచేయడం లేదని హాలువారు అంటే, డీజిలు మీరే పోయించుకుంటామని చెప్పండి.

పెళ్లికూతురి_తండ్రి (అనంతపురం) · జనవరి 19

ఆ మీటరు సంగతి నాకు తెలియదు. రెండో అమ్మాయి పెళ్లికి గుర్తుంచుకుంటాను.

నంద్యాలరోడ్డు_హాలు (కర్నూలు) · జనవరి 20

కడప మేనేజరు గారు చెప్పినట్లు డైరీని, రసీదు పుస్తకాన్ని పక్కపక్కన పెట్టుకుని రెండు రాత్రులు కూర్చున్నాను. మా పురోహితులను అడిగి నిరుటి ముహూర్తాలలో బలమైనవిగా 26 తేదీలు గుర్తించాము. వాటిలో 22 పూర్తి రోజుకు పోయాయి. అరవై రోజుల కంటే ముందే 15 బుక్ అయ్యాయి. అప్పటికి మిగిలిన 11 తేదీలలో మరో 7 తర్వాత నిండాయి, అంటే వందకు 64. ముప్పై రోజుల ముందు చూస్తే 20 నిండి, 6 మిగిలాయి. ఆ ఆరింటిలో 2 మాత్రమే పూర్తి రోజుకు పోయాయి, అంటే వందకు 33. మీరు చెప్పిన నలభై గీత ఈ రెండింటి మధ్య పడుతుంది. కాబట్టి బలమైన ముహూర్తాలను ముప్పై రోజుల వరకు ముక్కలు చేయకుండా ఉంచి, ఆ తర్వాత పూటలుగా ఇవ్వవచ్చునని నాకు అర్థమైంది. నా లెక్క సరిగానే ఉందా?

లెక్కల_పంతులు (ప్రొద్దుటూరు) · జనవరి 20

నాకు హాలు లేదు, గణితం చెబుతాను. ఒక సందేహం. నిండకుండా మిగిలిన నాలుగు తేదీలు నిజంగా ఖాళీగా మిగిలాయా, లేక వాటిలో సాయంత్రాన్నో పగటినో మీరు ముందే ఇచ్చేశారా? ముందే ఇచ్చి ఉంటే అవి పూర్తి రోజుకు పోయే అవకాశమే లేదు కదా. అలాంటి తేదీలను ఖాళీ అని లెక్కపెట్టి, అవి నిండలేదు కాబట్టి గిరాకీ లేదని తేల్చడం సరికాదు.

నంద్యాలరోడ్డు_హాలు (కర్నూలు) · జనవరి 20

పంతులు గారూ, మీరు పట్టుకున్నది నిజమే. నాలుగింటిలో రెండింటి సాయంత్రాలను నాలుగు నెలల ముందే ఇచ్చాము. శ్రావణ శనివారం వాటిలో ఒకటి. మిగిలిన రెండూ చివరి వారాలలో సాయంత్రానికి పోయాయి.

లెక్కల_పంతులు (ప్రొద్దుటూరు) · జనవరి 20

అయితే ఆ రెండూ తీసేయండి. అరవై రోజుల ముందు ఖాళీ 9, నిండినవి 7, వందకు 78. ముప్పై రోజుల ముందు ఖాళీ 4, నిండినవి 2, వందకు 50. ముప్పై రోజుల దగ్గర కూడా మీరు నలభై గీతకు పైనే ఉన్నారు. అయితే నాలుగు తేదీలను చూసి వందకు యాభై అనడం నాణెం నాలుగు సార్లు ఎగరేసి నిర్ణయం తీసుకున్నట్లే ఉంటుంది. 2024 డైరీ కూడా ఉంటే కలపండి.

కడప_మేనేజరు (కడప) · జనవరి 21

పంతులు గారి సవరణకు ధన్యవాదాలు, నేను ఆ సంగతి అడగవలసింది. అరవై రోజుల వరకు ఆపడంలో ఎవరికీ సందేహం అక్కరలేదు. ముప్పై తర్వాత ఏం చేయాలన్నది మీ ధైర్యాన్ని బట్టి ఉంటుంది. మా హాలులో ఇరవై ఒక్క రోజుల వరకు ఆపుతాము, కానీ కడపలో మా చుట్టుపక్కల పోటీ హాళ్లు తక్కువ. మీ రోడ్డులో ఈ మధ్య కొత్తవి లేచాయని విన్నాను. వాటి ప్రభావం నిరుటి డైరీలో పూర్తిగా కనిపించదు.

ఇక ధర. నిరుడు 26లో 15 తేదీలు రెండు నెలల ముందే పోయాయంటే మీ 90,000 బలమైన ముహూర్తానికి తక్కువ. 1,10,000 చెప్పి చూడండి. రెండు నెలల ముందు బుక్ అయ్యేవి పదికి పడిపోతే పెంపు ఎక్కువైందని అనుకోవాలి. ఎవరైనా నాలుగు నెలల ముందే వచ్చి ఆ తేదీన సాయంత్రం ఒక్కటే కావాలంటే, లేదు అని పంపకండి. 75,000 చెప్పండి. పూర్తి రోజుకు పోయే అవకాశం వందకు డెబ్భై దాకా ఉన్న తేదీని వారు ఆపుతున్నారు, దాని వెల అది. పుట్టినరోజు చేసేవారు ఆ మాట విని తామే మరో శనివారానికి జరుగుతారు. పురోహితుడి బలవంతం లేనివారికి తేదీ మార్చుకోవడం కష్టం కాదు, వారిని జరిపే పని మీ ధరే చేస్తుంది.

మీరు రాసిన 4 నుండి 4 వరకు అన్న సమయాన్ని మాత్రం వెంటనే మార్చండి. ఉదయం పదకొండున్నరకు ముహూర్తమైతే చివరి బంతి లేచేసరికి మూడు అవుతుంది. ఎనిమిది మంది పనివాళ్లు భోజనశాల, వంటశాల, గదులు కడగడానికి రెండున్నర గంటలు పడుతుంది. నాలుగింటికి కొత్త పెళ్లివారు సామానుతో గేటు దగ్గర నిలబడితే, పాతవారి విస్తళ్లు వారి కంట పడతాయి. సాయంత్రం 4 నుండి మరునాడు మధ్యాహ్నం 2 వరకు అని రాసి, తర్వాత గంటకు ఇంత అని పెట్టండి. ఆ గంట ధర నిజంగా నొప్పి కలిగించేలా ఉండాలి. మేము 5,000 పెట్టాము. వెయ్యి పెట్టినప్పుడు అందరూ సంతోషంగా కట్టి ఐదింటి దాకా కూర్చునేవారు.

పాతబస్తీ_షాదీ (కర్నూలు) · జనవరి 21

అస్సలాము అలైకుం, నమస్కారం. మూఢం కాబట్టి హాలు ఖాళీగా ఉందని మొదటి పోస్టులో చదివి ఆశ్చర్యపోయాను. ఈ నెలలో మా పాతబస్తీ వైపు షాదీఖానాలు నిండిపోయి ఉన్నాయి. ఫిబ్రవరి మూడో వారంలో రంజాన్ మొదలవుతుంది, అంతలోపు నికాహ్‌లు ముగించాలని అందరూ తొందరపడుతున్నారు. మాకు మూఢం లేదు, ఆషాఢం లేదు. మేము చూసేది ఆదివారం, సెలవు, గల్ఫ్‌లో ఉన్న అన్నదమ్ములు వచ్చే రోజు.

రాబోయే వేసవినే చూడండి. ఈ ఏడాది మే 17 నుండి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠమని మా పక్కింటి పంతులు గారు చెప్పారు. ఆ నెలంతా మీకు పెళ్లిళ్లు ఉండవు. సరిగ్గా అదే నెల మాకు జిల్‌హిజ్జా. మే చివరి వారంలో బక్రీదు, అది అయిన మరుసటి ఆదివారం నుండి మొహర్రం నెల మొదలయ్యే జూన్ మధ్య వరకు మాకు షాదీల రద్దీ. మొహర్రంలో మేము ఆగుతాము, అప్పుడు మీకు నిజ జ్యేష్ఠం మొదలవుతుంది. ఇలా ప్రతి ఏడాదీ కుదరదు, మా నెలలు ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతాయి. అందుకే రెండు క్యాలెండర్లనూ ఏటా కొత్తగా పక్కపక్కన పెట్టి చూడాలి.

మా వారికి ఒకే పూట చాలు. మధ్యాహ్నం నికాహ్, భోజనం అంతే. వలీమా మరొక రోజు, చాలాసార్లు మరొక చోట. కాబట్టి శూన్యమాసంలో 90,000 పూర్తి రోజు అని చెబితే మేము రాము. పగటికి 40,000 అంటే వస్తాము.

నంద్యాలరోడ్డు_హాలు (కర్నూలు) · జనవరి 21

భాయ్, మీ మాట నన్ను ఆలోచనలో పడేసింది. అయితే మా వంటశాలలో మాంసాహారం వండకూడదని నాన్నగారి నియమం. అందుకే అటు వైపు నుండి ఎవరూ అడగడం లేదని ఇప్పుడు అర్థమవుతోంది.

పాతబస్తీ_షాదీ (కర్నూలు) · జనవరి 21

బిర్యానీ వండేవాళ్లకు మీ వంటశాల అక్కరలేదు. కట్టెల పొయ్యి మీద దేగ్‌లు పెట్టడానికి గాలి ఆడే ఆరుబయలు స్థలం, నీటి కొళాయి, రాత్రి దీపం ఉంటే చాలు. వెనుక ఖాళీ స్థలం ఉంటే అక్కడ వేరుగా రేకుల షెడ్డు వేయండి.

కడప_మేనేజరు (కడప) · జనవరి 22

షెడ్డు వేస్తే దాని మురుగు కాలువను వంటశాల కాలువలో కలపకండి, మధ్యలో కొవ్వు ఆగే గుంత పెట్టించండి. మేము అది చేయక, పెళ్లి మధ్యలో చేతులు కడిగే చోట నీళ్లు పైకి తన్నాయి. ఆ శుభ్రానికి అయ్యే ఖర్చును మాంసాహార వేడుకల అద్దెలో నాలుగైదు వేలు కలిపి చెప్పండి, విడిగా బిల్లు వేయకండి. వంటశాల నియమం మార్చాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం. దాని గురించి నేను ఏమీ చెప్పను.

మరొక మాట. మీ ఆదాయం 45 లక్షలంటే ఇరవై లక్షల పరిమితి ఎప్పుడో దాటారు, అద్దె మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. 1,10,000కు 19,800 కలిపి 1,29,800 అవుతుంది. పట్టికలో పెద్ద అక్షరాలతో రాయవలసింది రెండో అంకె. అనంతపురం పెద్దాయన అడిగిన ఒక్క అంకెలో ఇది తప్పక కలిసి ఉండాలి.

గడియార_స్తంభం (అనంతపురం) · జనవరి 22

ఆషాఢంలో, మూఢంలో అద్దె ఎంత వరకు తగ్గించవచ్చో కూడా చెప్పండి. మా బంధువుల హాలులో సగానికి తగ్గించినా పెళ్లిళ్లు రాలేదు.

కడప_మేనేజరు (కడప) · జనవరి 22

రావు కూడా. ముహూర్తం లేని రోజున పెళ్లి చేయనివారు పాతిక వేలకు ఇచ్చినా చేయరు. ఆ రోజులలో తగ్గించిన ధరకు వచ్చేవారు సమావేశాలు, వస్త్ర ప్రదర్శనలు, పదవీ విరమణ సన్మానాలు పెట్టుకునేవారు. వారికి విడిది గదులు, వంటశాల అక్కరలేదు. గదులకు తాళం వేసి, కింది హాలు ఒక్కటే ఏసీ లేకుండా 15,000కు ఇవ్వండి. కూలి, దీపాలు, నీళ్లకు ఐదారు వేలు పోగా మిగిలేది మీదే. పూర్తి హాలును సగం ధరకు ఇస్తే మాత్రం ఆ మాట ఊళ్లో పాకి, మాఘంలో వచ్చే పెళ్లివారు కూడా అదే ధర అడుగుతారు.

పెళ్లికూతురి_తండ్రి (అనంతపురం) · జనవరి 22

డెకరేషన్ వాళ్ల సంగతి ఎవరూ మాట్లాడలేదు. బయటివారిని తెచ్చుకుంటే పది వేలు ఎందుకు కట్టాలి?

కడప_మేనేజరు (కడప) · జనవరి 22

అది హాలువారు డెకరేటరు దగ్గర తీసుకునే కమీషను పోతుందని పెట్టేది. గోడలకు మేకులు కొడతారని, రంగు పాడవుతుందని కారణం చెబుతారు. ఆ భయం ఉంటే తిరిగి ఇచ్చే డిపాజిటు తీసుకోవచ్చు. కమీషను ఆదాయం మీద ఆధారపడిన హాళ్లు చాలా ఉన్నాయి, దీని మీద నేనూ మా యజమానీ ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు.

నంద్యాలరోడ్డు_హాలు (కర్నూలు) · జనవరి 24

నాన్నగారితో కూర్చుని ఈ ఏడాదికి పట్టిక రాశాము. బలమైన ముహూర్తానికి సాయంత్రం 4 నుండి మరునాడు 2 వరకు, పన్నుతో కలిపి 1,29,800. మామూలు ముహూర్తానికి పాత 90,000, దాని మీద పన్ను. బలమైన తేదీలలో ఏ పూట ఒక్కటైనా ముప్పై రోజుల ముందు వరకు 75,000, ఆ తర్వాత సాయంత్రం 45,000, పగలు 40,000. ఇరవై ఒక్క రోజుల దాకా ఆపడానికి నాన్నగారు ఒప్పుకోలేదు, 2024 డైరీ దొరికితే మళ్లీ చూద్దామన్నారు. కరెంటు, జనరేటరు మీటరు ప్రకారం, శుభ్రం అద్దెలోనే. పూటల అద్దె పూర్తిగా మానేయాలన్న పట్టు ఆయన వదిలారు. వెనుక షెడ్డు విషయం మాత్రం ఆయన ఇంకా ఏమీ అనలేదు, నేనూ రెట్టించలేదు.

తుంగభద్ర తీరం గారూ, మీ ప్రశ్నకు ఆలస్యంగా జవాబిస్తున్నాను. వంటపాత్రలు అద్దెలో కలిసి ఉంటాయి, గ్యాసు మీది. తేదీ రాసుకునే ముందు ఒక్క విషయం తేల్చండి. శుక్రవారం రాత్రి 2 గంటల 10 నిమిషాలు అంటే పంచాంగం లెక్కన ఇంకా శుక్రవారమే, క్యాలెండరు లెక్కన అది 21వ తేదీ శనివారం తెల్లవారుజాము. మీకు హాలు 20 సాయంత్రం నుండి కావాలా, లేక 19 సాయంత్రం నుండా? ఇలా ఒకసారి రెండు కుటుంబాలకు ఒకే రాత్రి రాసిచ్చి మేము చాలా ఇబ్బంది పడ్డాము.

తుంగభద్ర_తీరం (కర్నూలు) · జనవరి 24

అన్నా, మేము 19 సాయంత్రం నుండి అనుకున్నాము. ఇప్పుడే పురోహితులకు ఫోన్ చేశాను, మీరు చెప్పిందే సరి, 20 సాయంత్రం నుండి కావాలి. శుభలేఖలు ఇంకా అచ్చుకు ఇవ్వలేదు. రేపు నాన్నను తీసుకుని హాలు చూడడానికి వస్తాము.

నంద్యాలరోడ్డు_హాలు (కర్నూలు) · జనవరి 24

రండి. 20 సాయంత్రం ఖాళీగానే ఉంది. పెళ్లికి ఇరవై ఏడు రోజులే ఉన్నాయి కాబట్టి పూట అయినా, పూర్తి రోజు అయినా ఇస్తాము.